రెండున్నర నెలలకు ఆపేసిన మందు పనిచేయలేదని చెప్పలేం

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నాకు 34 ఏళ్లు. ఏడేళ్లుగా విదేశంలో ఉద్యోగం. నాన్నగారిది బట్టతల. నాకు 26వ ఏట నుదుటి మూలల్లో జుట్టు వెనక్కి జరగడం మొదలైంది. ఇక్కడికొచ్చిన నాలుగో నెలలో గుప్పెళ్లకొద్దీ రాలింది. అందరూ నీళ్ల వల్లే అన్నారు, షవర్‌కి ఫిల్టర్ పెట్టించాను. తర్వాత 5 శాతం మినాక్సిడిల్ రెండున్నర నెలలు రాశాను. ఇంకా ఎక్కువ ఊడటంతో భయపడి ఆపేశాను. బయోటిన్ 10 మిల్లీగ్రాముల మాత్ర ఏడాదికి పైగా వేసుకుంటున్నాను. మన రక్తంలోంచే ప్లేట్‌లెట్లు తీసి నెత్తిలోకి ఎక్కించే పీఆర్‌పీ నాలుగుసార్లు చేయించుకున్నాను, మొదట్లో బాగున్నట్టు అనిపించింది, తర్వాత మామూలే. ఫినాస్టరైడ్ 1 మిల్లీగ్రాము ఐదు నెలలు వేసుకున్నా కొత్త జుట్టు రాలేదు. పైగా సైడ్ ఎఫెక్టుల గురించి చదివి మానేశాను. పోయినేడాది మళ్లీ మినాక్సిడిల్ ఎనిమిది నెలలు రాశాను, రాత్రిపూట మాత్రమే, వారానికి మూడు నాలుగుసార్లు. ఇప్పుడు నడినెత్తి మీద చర్మం కనిపిస్తోంది. ఈమధ్య చేయించిన రక్తపరీక్షల్లో థైరాయిడ్ నార్మల్, ఇనుము నిల్వలు చూపే ఫెరిటిన్ 19. మేం పిల్లల కోసం ప్రయత్నిస్తున్నాం. ఒక క్లినిక్‌లో వెంటనే, తల వెనక నుంచి కుదుళ్లతో సహా తీసి నాటే 3500 గ్రాఫ్టులతో ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకోమంటున్నారు. మందులేవీ పనిచేయలేదు కాబట్టి ఇక అదే దారా? లేక డ్యుటాస్టరైడ్ మొదలుపెట్టమంటారా?

సమాధానం: ట్రాన్స్‌ప్లాంట్ ఇప్పుడే వద్దండీ. డ్యుటాస్టరైడ్ కూడా ఇప్పుడు వద్దు. మీరు పంపిన వివరాలు చూస్తే మందులు మీ మీద పనిచేయలేదని నాకు అనిపించడం లేదు. ఏ ఒక్క మందునీ అది పనిచేసేంత కాలం, పనిచేసేంత మోతాదులో మీరు వాడలేదు. తప్పంతా మీదే అనడం లేదు. ఈ మందులు ఇచ్చేటప్పుడు మొదట ఏమవుతుంది, ఎప్పుడు చూసుకోవాలి అన్నది ఎవరైనా పది నిమిషాలు కూర్చోబెట్టి చెప్పి ఉండాల్సింది. ఆ పని ఇప్పుడు చేస్తాను.

ముందు వెంట్రుకకు ఉండే క్యాలెండర్ సంగతి. నెత్తి మీద ఒక్కో వెంట్రుక రెండు నుంచి ఆరేళ్లు పెరుగుతుంది, రెండు మూడు వారాల్లో పెరుగుదల ఆగిపోతుంది, ఆ తర్వాత దాదాపు మూడు నెలలు ఊరికే కుదురులో నిలబడి ఉండి రాలిపోతుంది. పెరిగే వేగం నెలకు సుమారు ఒక సెంటీమీటరు. అంటే ఈరోజు కుదురులో జరిగిన మార్పు, మంచిదైనా చెడ్డదైనా, మీకు అద్దంలో కనిపించేది మూడు నాలుగు నెలల తర్వాతే. జుట్టు విషయంలో జనం చేసే పొరపాట్లలో సగం ఈ ఆలస్యం వల్లే జరుగుతాయి. రాలిన రోజు పక్కనే ఉన్న కారణాన్ని పట్టుకుంటారు, అసలు కారణం మూడు నెలల వెనక ఉంటుంది.

మీకు నీళ్ల విషయంలో అయింది అదే. కొత్త దేశం వెళ్లిన నాలుగో నెలలో ఒక్కసారిగా గుప్పెళ్లతో రాలడమన్నది, ప్రయాణం, నిద్రలేమి, తిండి మారడం, బరువు తగ్గడం, మధ్యలో వచ్చిన జ్వరం లాంటి వాటికి శరీరం ఇచ్చే ఆలస్యపు జవాబు. పెరుగుతున్న వెంట్రుకలు చాలా ఒకేసారి విశ్రాంతి దశలోకి వెళ్తాయి, మూడు నెలలకు అన్నీ కలిసి ఊడతాయి. దీన్ని మేం టెలోజెన్ ఎఫ్లూవియం అంటాం. కారణం తొలగిపోతే చాలామందిలో ఆరు నెలల్లోపు దానంతటదే సర్దుకుంటుంది. నీళ్లలోని ఉప్పులు వెంట్రుకను గరుకుగా చేయగలవు, చిట్లేలా చేయగలవు కానీ చర్మం లోపల ఉన్న కుదురును పలచబరచలేవు. ఆ ఫిల్టరు వల్ల నష్టమేమీ లేదు, లాభం కూడా లేదు.

మీ అసలు సమస్య అది కాదు. అంతకు ముందే 26వ ఏట నుదుటి మూలల్లో మొదలైనది, ఇప్పుడు నడినెత్తికి వచ్చినది, మగవారిలో వంశపారంపర్యంగా వచ్చే పలచబడటం. ఇక్కడ జుట్టు ఊడిపోవడం కంటే సన్నబడటం ముఖ్యం. టెస్టోస్టిరాన్ నుంచి తయారయ్యే డీహెచ్‌టీ అనే హార్మోను ప్రభావానికి నుదురు, నడినెత్తి భాగాల్లోని కుదుళ్లు లోనవుతాయి. ప్రతి చక్రంలో పెరిగే కాలం కొంచెం కొంచెం తగ్గుతుంది, కుదురు చిన్నదవుతుంది, వచ్చే వెంట్రుక ఇంకాస్త సన్నగా, ఇంకాస్త పొట్టిగా వస్తుంది. చివరికి నూగులా మిగులుతుంది. చెవుల పైన, వెనక మెడ పైన ఉన్న కుదుళ్లకు ఈ బాధ ఉండదు.

దీన్ని మీరే దగ్గరగా చూడొచ్చు. తలస్నానం చేసి జుట్టు ఆరాక, దువ్వెనకు వచ్చిన వెంట్రుకల్ని తెల్ల కాగితం మీద పరచండి. ఒక్కోదాని మొదట్లో చిన్న తెల్లటి గుండు ఉంటే అది మామూలుగా కాలం తీరి రాలినది. రోజుకు 50 నుంచి 100 వరకు అలా రాలడం అందరికీ ఉన్నదే. గుండు లేకుండా మధ్యలో తెగినట్టుంటే అది చిట్లడం. ఇప్పుడు పొడవూ మందమూ చూడండి. అన్నీ పొడవుగా, ఒకే మందంతో ఉంటే తాత్కాలిక రాలడం. కత్తెర పడని సన్నటి మొనతో, రెండు మూడు సెంటీమీటర్లకు మించని వెంట్రుకలు వాటిలో కనిపిస్తే అవి కుంచించుకుపోతున్న కుదుళ్ల నుంచి వచ్చినవి. చెవి పైనుంచి ఒక వెంట్రుక, నడినెత్తి నుంచి ఒకటి తీసి పక్కపక్కన పెట్టి చూస్తే తేడా మామూలు కంటికే తెలుస్తుంది. డాక్టరు దగ్గర డెర్మోస్కోపు అనే భూతద్దంతో చూస్తే ఇంకా స్పష్టం. ఒకే చోట లావువి, సన్నవి కలిసి ఉండి, ఆ తేడా కనిపించేవి నూటికి 20కి మించితే వంశపారంపర్యపుదనే నిర్ధారిస్తాం. ఈమెయిల్ మీద నేను ఊహించగలను కానీ నిర్ధారించలేను, కాబట్టి అక్కడి చర్మవైద్యుల దగ్గర ఈ ఒక్క పరీక్షా తప్పకుండా చేయించుకోండి. నెత్తి మీద మంట, నొప్పి, పొలుసులు, కుదుళ్ల చుట్టూ ఎర్రదనం, కనుబొమలు పలచబడటం ఉన్నా, పలచబడిన చోట కుదుళ్ల రంధ్రాలే కనిపించకుండా చర్మం నునుపుగా ఉన్నా, అది వేరే జబ్బు. దానికి చర్మం ముక్క తీసి చూడాల్సి రావొచ్చు, కింద రాసిన సలహా దానికి వర్తించదు.

ఇక మినాక్సిడిల్. మొదటిసారి మీరు ఆపిన సమయం సరిగ్గా అది పని మొదలుపెట్టిన సమయం. విశ్రాంతిలో ఉన్న కుదుళ్లను ఈ మందు ముందుగానే పెరిగే దశలోకి తోస్తుంది. లోపల కొత్త వెంట్రుక బయల్దేరగానే పైన నిలబడి ఉన్న పాతది ఊడుతుంది. అందుకే వాడటం మొదలుపెట్టిన రెండో వారం నుంచి ఎనిమిదో వారం దాకా కొందరికి రాలడం పెరుగుతుంది. రెండున్నర నెలలకు మీరు ఆపేశారు. పాతవి ఊడిపోయాయి, కొత్తవి ఇంకా పైకి కనిపించే పొడవు రాలేదు, వాటికి అండగా ఉన్న మందు పోయింది. మీకు దక్కింది నష్టం ఒక్కటే. ఈ మందుకు నాలుగు నెలలకు ముందు తీర్పు చెప్పకూడదు, అసలు తీర్పు ఏడాదికి.

రెండోసారి సమస్య కాలంతో కాదు, మోతాదుతో. మగవారికి 5 శాతం ద్రావణం పూటకు 1 మిల్లీలీటరు చొప్పున రోజుకు రెండుసార్లు. 60 మిల్లీలీటర్ల సీసా సరిగ్గా 30 రోజుల్లో అయిపోవాలి. మీరు రాసిన లెక్కన వారానికి నాలుగు మిల్లీలీటర్లు దాటలేదు, అంటే సీసా నాలుగు నెలలు వచ్చి ఉంటుంది. ఎనిమిది నెలల్లో ఎనిమిది సీసాలు పట్టాల్సిన చోట రెండు సీసాలు వాడారు. పావు మోతాదు మందు పావు వంతు జుట్టు ఇవ్వదు, చాలాసార్లు ఏమీ ఇవ్వదు. ఇకమీదట సీసా తెరిచిన తేదీని దాని మీదే రాసిపెట్టుకోండి. నెల దాటి వస్తోందంటే వదిలేస్తున్న పూటలు ఎన్నో మీకే తెలుస్తుంది.

రాసే పద్ధతిలో కూడా మందు వృథా అవుతుంది. చాలామంది జుట్టు మీద రాస్తారు, అది చర్మానికి చేరాలి. నెత్తి పూర్తిగా పొడిగా ఉన్నప్పుడు దువ్వెన మొనతో నడినెత్తి మీద ఒక వేలెడు దూరంలో పాపిటలు తీసుకుంటూ, ఒక్కో పాపిట వెంట డ్రాపరుతో కొన్ని చుక్కలు నేరుగా చర్మం మీద వేసి వేలితో పరచండి. గట్టిగా రుద్దక్కర్లేదు. ఆ 1 మిల్లీలీటరులోనే నడినెత్తీ, నుదుటి మూలలూ రెండూ అయిపోవాలి. వెంటనే చేతులు కడుక్కోండి. నాలుగు గంటలు తల తడపకండి. రాత్రిపూటది పడుకోవడానికి రెండు గంటల ముందే రాయాలి, లేదంటే దిండుకు అంటుకుని ముఖం మీద అవాంఛిత రోమాలుగా బయటపడుతుంది. ఒక పూట మరిచిపోతే తర్వాతి పూట రెట్టింపు రాయకండి. ఇంట్లో పిల్లి ఉంటే మాత్రం చాలా జాగ్రత్త: ఈ మందు కొద్దిగా నాకినా పిల్లి ప్రాణానికి ప్రమాదం.

ద్రావణంతో దురద, పొట్టు వస్తే సాధారణంగా కారణం అందులోని ప్రొపిలీన్ గ్లైకాల్. అలాంటప్పుడు మందు మానక్కర్లేదు, నురగ రూపంలో దొరికేదానికి మారితే చాలు, అందులో అది ఉండదు. నురగ వేడి చేతిలో కరిగిపోతుంది కాబట్టి ముందు వేళ్లను చల్లటి నీళ్లతో కడిగి తుడుచుకుని, పూటకు సగం మూత నురగ తీసుకోండి.

రోజుకు రెండుసార్లు రాయడం మీ ఉద్యోగానికి ఎంతమాత్రం కుదరదంటే ఆ సంగతి డాక్టరుకు మొహమాటం లేకుండా చెప్పండి. మినాక్సిడిల్ మొదట రక్తపోటుకు వాడిన మాత్ర. ఇప్పుడు జుట్టు కోసం దాన్ని చాలా తక్కువ మోతాదులో, మగవారికి సాధారణంగా రోజుకు 2.5 నుంచి 5 మిల్లీగ్రాములు ఇస్తున్నారు. ఇది చాలా దేశాల్లో జుట్టుకు అధికారికంగా అనుమతి పొందిన వాడకం కాదు, డాక్టరు తన బాధ్యత మీద రాస్తారు. ముందు బీపీ, గుండె సంగతి చూడాలి. వాడేటప్పుడు చీలమండల వాపు, గుండె దడ, లేవగానే తల తిరగడం, ఒంటి మీద రోమాలు పెరగడం గమనించాలి. ఊపిరి ఆడకపోయినా, ఒక్కసారిగా బరువు పెరిగినా ఆపి వెంటనే చూపించుకోవాలి. సగం పూటలు వదిలేసే పూతమందు కంటే రోజూ వేసుకునే చిన్న మాత్ర కొందరికి నయం, కానీ సొంతంగా తెప్పించుకుని వేసుకునేది మాత్రం కాదు.

బయోటిన్ గురించి ఎక్కువ చెప్పను. లోపం లేనివారికి దానివల్ల జుట్టు పెరుగుతుందనడానికి ఆధారం లేదు. కానీ మీ విషయంలో అది ఇంకో పని చేసి ఉండొచ్చు. 10 మిల్లీగ్రాములంటే రోజువారీ అవసరానికి కొన్ని వందల రెట్లు. చాలా ల్యాబ్ యంత్రాలు పరీక్షల్లో బయోటిన్‌నే పనిముట్టుగా వాడతాయి, రక్తంలో అది ఎక్కువైతే ఫలితం తప్పుతుంది. థైరాయిడ్ పరీక్షలు తారుమారవుతాయి, ఫెరిటిన్ కూడా కొన్ని యంత్రాల్లో ఉన్నదానికంటే తక్కువగా రావొచ్చు. గుండెపోటును గుర్తించే ట్రోపోనిన్ పరీక్ష కూడా తప్పవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరించింది. కాబట్టి మీ నార్మల్ థైరాయిడ్‌నీ, ఆ 19నీ నేను ఇప్పుడే నమ్మను. బయోటిన్ మానేయండి, వారం ఆగి రెండు పరీక్షలూ మళ్లీ చేయించండి.

అప్పుడు కూడా ఫెరిటిన్ 30 లోపే వస్తే దాన్ని నార్మల్ అని పక్కన పెట్టకండి. నెలసరి లేని మగవారిలో ఇనుము నిల్వలు తగ్గాయంటే ఎక్కడో కారణం ఉండాలి: తరచూ రక్తదానం చేస్తున్నారా, ఎసిడిటీ మాత్రలు ఏళ్ల తరబడి వాడుతున్నారా, మలంలో రక్తం పోతోందా, పేగులు ఇనుమును సరిగా పీల్చుకోవడం లేదా అని ఫిజీషియన్ చూడాలి. కారణం వెతక్కుండా ఇనుము మాత్రలు మింగడం మంచిది కాదు. ఇది మీ జుట్టు కంటే ముఖ్యమైన విషయం.

పీఆర్‌పీ కొందరికి కొంత మేలు చేస్తుంది, అందరికీ కాదు. రక్తం ఎంత తీయాలి, ఎంత చిక్కబరచాలి అన్నది ఒక్కో క్లినిక్‌లో ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఫలితాలు కూడా అలాగే ఉంటాయి. అది డీహెచ్‌టీని ఆపదు. కింద మందులేవీ లేకుండా ఒంటరిగా చేయించుకుంటే వచ్చిన కొద్దిపాటి మెరుగు కొన్ని నెలల్లో జారిపోతుంది, మీకు జరిగింది అదే. మళ్లీ దాని మీద డబ్బు పెట్టకండి.

ఫినాస్టరైడ్ దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే పలచబడటాన్ని మూలంలో ఆపే మందు ఇదే. టెస్టోస్టిరాన్‌ను డీహెచ్‌టీగా మార్చే ఎంజైముని ఇది అడ్డుకుంటుంది, రక్తంలో డీహెచ్‌టీ మూడింట రెండొంతుల దాకా తగ్గుతుంది. 1 మిల్లీగ్రాము మోతాదుకు మగవారి బట్టతల కోసం అమెరికాలో 1997లోనే అనుమతి వచ్చింది. దీని మొదటి పని కొత్త జుట్టు మొలిపించడం కాదు, ఉన్నది సన్నబడకుండా ఆపడం. ఐదు నెలల్లో కొత్త జుట్టు రాలేదని మీరు రాశారు, ఆ ఐదు నెలల్లో నడినెత్తి ఇంకా పలచబడిందా అన్నది రాయలేదు. పలచబడలేదంటే మందు పనిచేస్తున్నట్టే. కుదురు మళ్లీ కాస్త లావు వెంట్రుక ఇవ్వడానికి ఒక చక్రం తిరగాలి, అది ఏడాది మాట. ఆపేసిన రెండు వారాల్లో డీహెచ్‌టీ పాత స్థాయికి వచ్చేస్తుంది, నిలబెట్టుకున్న జుట్టు తర్వాతి ఏడాదిలో పోతుంది.

మీ భయాన్ని తేలిగ్గా తీసుకోను. మొదటి అధ్యయనాల్లో కోరిక తగ్గడం, అంగస్తంభన సమస్య, వీర్యం తగ్గడం అన్నీ కలిపి మందు వాడినవారిలో 3.8 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 2.1 శాతం మందికి కనిపించాయి. ఎక్కువమందిలో అవి ఆపాక తగ్గాయి, కొందరిలో వాడుతుండగానే తగ్గాయి. కానీ ఆపిన తర్వాత కూడా ఈ సమస్యలు మిగిలాయని చెప్పినవారు ఉన్నారు, కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనల గురించి కూడా నియంత్రణ సంస్థలు మందు కరపత్రంలో హెచ్చరిక చేర్చాయి. కాబట్టి గతంలో డిప్రెషన్ ఉన్నవారికి నేను దీన్ని మొదటి మందుగా రాయను. మీకు అలాంటిదేమైనా ఉంటే డాక్టరుతో దాచకండి. వాడుతుండగా మనసు బాగాలేకపోతే ఆపి వెంటనే చెప్పండి. ఏమీ లేకపోతే, పక్కన వాళ్ల కథలు చదివి కాదు, మీ ఒంట్లో ఏమవుతోందో చూసుకుని నిర్ణయించుకోవాల్సిన మందు ఇది.

అయితే మీరు పిల్లల కోసం ప్రయత్నిస్తున్నారు. ఫినాస్టరైడ్ కొందరిలో వీర్యకణాల సంఖ్యను, నాణ్యతను తగ్గిస్తుంది, ముందే అంతంతమాత్రంగా ఉన్నవారిలో అది తేడా తెస్తుంది. ఆపితే సాధారణంగా కొన్ని నెలల్లో తిరిగి పెరుగుతుంది, ఎందుకంటే వీర్యకణాలు తయారై బయటికి రావడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది. నా సలహా: మీ ఆవిడకు గర్భం నిలిచేవరకు ఫినాస్టరైడ్ మొదలుపెట్టకండి. ఆ కాలమంతా మినాక్సిడిల్ ఒక్కటే సరిగ్గా వాడండి. కొన్ని నెలలు ఆలస్యమైతే జుట్టుకు జరిగే నష్టం తక్కువ, గర్భం ఆలస్యమైతే ప్రతిదానికీ ఈ మాత్రను అనుమానించుకుంటూ కూర్చోవడం ఎక్కువ బాధ. ఆలోపు ఒక సెమెన్ అనాలసిస్ చేయించి రిపోర్టు దాచుకోండి, తర్వాత మందు మొదలుపెట్టాక పోల్చుకోవడానికి అదే ఆధారం.

గర్భం వచ్చాక మీరు మాత్ర మొదలుపెడితే, విరిగిన లేదా పొడి చేసిన మాత్రల్ని ఆవిడ ముట్టుకోకూడదు. కడుపులో మగబిడ్డ ఉంటే జననాంగాల ఎదుగుదలకు ఆ మందు అడ్డొస్తుంది. పైపూత ఉన్న మొత్తం మాత్రతో ఆ ప్రమాదం లేదు. వీర్యంలోకి వచ్చే మందు అతి స్వల్పమే, అయినా గర్భం సమయంలో కండోమ్ విషయంలో మీ ఆవిడను చూస్తున్న డాక్టరు ఏమంటే అది పాటించండి. ఫినాస్టరైడ్ కలిపిన పూతమందులు కూడా అమ్ముతున్నారు. అవి రక్తంలోకి తక్కువగానే వెళ్తాయి కానీ మీ తల నుంచి దిండుకు, దిండు నుంచి ఆవిడ చర్మానికి అంటుకుంటాయి. గర్భిణి ఉన్న ఇంట్లో అవి వద్దు. రక్తదానం చేసే అలవాటుంటే ఫినాస్టరైడ్ ఆపిన నెల తర్వాతే ఇవ్వాలి, మీరిచ్చిన రక్తం గర్భిణికి ఎక్కొచ్చు.

డ్యుటాస్టరైడ్ ఇంతకంటే బలమైనదే. ఎంజైములోని రెండు రకాల్నీ ఆపుతుంది, దక్షిణ కొరియా, జపాన్‌లలో జుట్టుకు అనుమతి కూడా ఉంది. కానీ శరీరంలో దాని సగం తగ్గడానికే దాదాపు ఐదు వారాలు పడుతుంది. ఇబ్బంది వచ్చి ఈరోజు ఆపినా నెలల తరబడి లోపలే ఉంటుంది, రక్తదానానికి ఆరు నెలలు ఆగమనేది అందుకే. సైడ్ ఎఫెక్టుల భయంతో ఫినాస్టరైడ్ మానేసినవారు, పిల్లల కోసం చూస్తున్నవారు మొదటగా ఎంచుకోవాల్సింది ఇది కాదు. ఫినాస్టరైడ్ ఏడాది సరిగ్గా వాడి కూడా సన్నబడటం ఆగకపోతే అప్పుడు మాట్లాడుకుందాం.

ఈసారి అసలు తేడా తెచ్చేది ఫొటోలు. అద్దం మన మూడ్‌ని బట్టి మాట్లాడుతుంది, నాలుగు నెలల కిందటి నెత్తి ఎలా ఉందో ఎవరికీ గుర్తుండదు. మందు మొదలుపెట్టే రోజునే తలస్నానం చేసి, ఆరాక, నూనె, జెల్ లేకుండా నాలుగు ఫొటోలు తీయించుకోండి: నుదురు ఎదురుగా, రెండు పక్కలు, తల వంచి నడినెత్తి. ఒకే గదిలో, ఒకే దీపం కింద, ఒకే దూరం నుంచి, ఫ్లాష్ లేకుండా. జుట్టు పొడవు ప్రతిసారీ ఒకేలా ఉండాలి, అందుకని క్రాఫ్ చేయించుకున్న వారం తర్వాత అని పెట్టుకోండి. మళ్లీ తీయాల్సింది మూడో నెల, ఆరో నెల, పన్నెండో నెల. మధ్యలో రోజూ తీసుకుంటే ఆందోళన పెరగడం తప్ప ఏమీ తెలియదు. మూడో నెల ఫొటో మొదటిదానికంటే పలచగా కనిపించవచ్చు, ఆ రాలడం సంగతి పైన చెప్పాను, దాన్ని చూసి ఆపకండి. ఆరో నెల ఫొటో మొదటిదాంతో సమానంగా ఉన్నా లాభం కిందే లెక్క, ఎందుకంటే మందు లేకపోతే అది సమానంగా ఉండేది కాదు.

విదేశంలో ఉన్నవారికి చికిత్స తెగిపోయేది చాలాసార్లు ప్రయాణాల్లో. రెండు నెలలు సెలవు మీద వెళ్లినప్పుడు మందు అయిపోతుంది, తిరిగొచ్చాక డాక్టరు అపాయింట్‌మెంట్ దొరకదు, నాలుగు నెలలు గడిచిపోతాయి, వచ్చిన జుట్టు పోతుంది. ప్రయాణానికి సరిపడా, పైన ఒక నెలకు మందు ముందే తీసుకోండి. చీటీలో కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరు, మోతాదు రాయించుకోండి, ఏ దేశం మందుల షాపులోనైనా అర్థమవుతుంది. దేశాన్ని బట్టి ఈ మందులకు చీటీ కావాలా వద్దా, ఎన్ని తీసుకెళ్లవచ్చు అన్న నియమాలు మారతాయి, ముందే కనుక్కోండి. చీటీ అడగకుండా పంపే వెబ్‌సైట్ల నుంచి హార్మోన్ మందు తెప్పించుకోవద్దు, లోపల ఏముందో తెలుసుకునే దారి ఉండదు.

ఇక ట్రాన్స్‌ప్లాంట్ ఎందుకు వద్దన్నానో చెప్తాను. వెనక భాగంలో తీయదగ్గ గ్రాఫ్టులు మనిషిని బట్టి మారతాయి, చాలామందిలో జీవితకాలం మొత్తానికి 4000 నుంచి 7000 మధ్య ఉంటాయి. తీసినచోట మళ్లీ మొలవవు. 34 ఏళ్లకే, పలచబడటం ఇంకా నడుస్తుండగా, 3500 ఒకేసారి వాడేస్తే చేతిలో మిగిలేది తక్కువ. నాటిన జుట్టు నిలుస్తుంది, దాని చుట్టూ ఉన్న మీ సొంత జుట్టు మందు లేకపోతే సన్నబడుతూనే ఉంటుంది. ఐదారేళ్లకు నాటిన భాగం మధ్యలో దీవిలా మిగిలి, చుట్టూ ఖాళీ ఏర్పడుతుంది. నడినెత్తి అయితే మరీ. సుడి చుట్టూ వెంట్రుకలు అన్ని వైపులకూ తిరిగి ఉంటాయి కాబట్టి ఎన్ని గ్రాఫ్టులు పెట్టినా నిండినట్టు కనిపించదు, పైగా ఖాళీ వెడల్పవుతూ పోతుంది. సర్జరీ చేయించుకున్నా ఆ మందులు వాడాల్సిందే, అప్పుడు ముందు మందులతో ఎంత నిలుస్తుందో చూసి, మిగిలిన ఖాళీకే గ్రాఫ్టులు లెక్కేయడం కదా సబబు?

మందు మీద కనీసం ఏడాది స్థిరంగా నిలబడి, నుదుటి మూలలు మీకు ఇంకా బాధగానే ఉంటే అప్పుడు సర్జన్ దగ్గరికి వెళ్లండి. వెళ్లినప్పుడు వెనక భాగాన్ని డెర్మోస్కోపుతో చూశారా, అక్కడి వెంట్రుకల్లో కూడా సన్నవి ఉన్నాయా అని అడగండి, ఉంటే అవి నాటినా నిలవవు. కుదుళ్లు తీసేది, రంధ్రాలు చేసేది డాక్టరా సహాయకులా, ఈ సర్జరీ తర్వాత నా వెనక ఎన్ని గ్రాఫ్టులు మిగులుతాయి అన్నవి కూడా అడగండి. మిగిలే సంఖ్య చెప్పలేనివారి దగ్గర చేయించుకోవద్దు. నాటిన వెంట్రుకలు మూడు నాలుగు వారాల్లో ఊడిపోయి, మూడు నాలుగు నెలల తర్వాత మొలవడం మొదలై, ఏడాదికి పూర్తి రూపం వస్తుందని కూడా తెలిసి ఉండండి, లేకపోతే అప్పుడు కూడా మధ్యలోనే కంగారు పడతారు.

ప్రస్తుతానికి ఈ వారం బయోటిన్ మానేయండి, అక్కడి చర్మవైద్యుల అపాయింట్‌మెంట్ తీసుకోండి, ఫొటోలు తీయించుకుని మినాక్సిడిల్ రెండు పూటలా మొదలుపెట్టండి. ఆరో నెల ఫొటోలు వచ్చాక నాకు మళ్లీ రాయండి. అప్పుడు మొదటి రోజు ఫొటోలు, ఆరో నెల ఫొటోలు, బయోటిన్ మానాక చేయించిన ఫెరిటిన్, థైరాయిడ్ రిపోర్టులు, డెర్మోస్కోపు చూసిన డాక్టరు రాసిన నోటు జతచేయండి. ఆ ఆరు నెలల్లో ఎన్ని సీసాలు అయ్యాయో కూడా రాయండి. ఆరుకు తక్కువైతే మందు మార్చే మాట తర్వాత, ముందు ఎక్కడ పూటలు తప్పుతున్నాయో చూద్దాం.